గంటకు 133 అని చూపితే చేతికి మిగిలింది 41: బరంపురంలో ఒక డెలివరీ రైడర్ నాలుగు వారాల లెక్క

ఒడిశాలోని బరంపురంలో ఫుడ్ డెలివరీ చేసే ఒక రైడర్ లెక్క ఇది. ఇల్లు అంకులి వైపు. పని ఎక్కువగా గాంధీనగర్, గిరి రోడ్డు, మెడికల్ కాలేజీ చుట్టుపక్కల. బండి 100 సీసీ, అప్పు మీద కొన్నది. ఉదయం పదకొండున్నరకు ఇల్లు దాటి నాలుగు గంటలకు భోజనానికి ఇంటికొస్తాడు. మళ్లీ సాయంత్రం ఆరున్నరకు వెళ్లి రాత్రి పదకొండున్నరకు చేరతాడు. వారానికి ఆరు రోజులు పని, మంగళవారం సెలవు.

లెక్క మొదలుపెట్టే ముందు అతని మాట ఇది: "పెట్రోలు పోను గంటకి డెబ్బై మిగుల్తాది అన్నా." ఆ మాట గాలిలోంచి వచ్చింది కాదు. నాలుగు వారాల్లో యాప్ ఇచ్చింది 19,200 రూపాయలు, పెట్రోలుకు పోయింది 5,100, లాగిన్ గంటలు 204. మిగిలిన 14,100ని 204తో భాగిస్తే 69 వస్తుంది. భాగహారంలో తప్పు లేదు. పైన తీసేయాల్సిన ఖర్చులు సగమే తీశాడు, కింద పెట్టాల్సిన గంటలు తక్కువ పెట్టాడు. అక్కడే తేడా వచ్చింది.

ఏ నాలుగు వారాలు

ఒక్క వారం చూస్తే చాలదు. ఇన్సెంటివ్ వారం వారం మారుతుంది, పంక్చర్ ఒక వారం పడితే ఇంకో వారం పడదు. నాలుగు వారాలు తీసుకుంటే రీచార్జి కూడా 28 రోజులకు సరిపోతుంది. ఏడాదికి ఇలాంటి నాలుగు వారాలు 13 కాబట్టి బీమాలాంటి ఏడాది ఖర్చును 13తో భాగిస్తే చాలు.

ఏ వారాలు ఎంచుకుంటామన్నది కూడా ముఖ్యమే. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణీ జాతర రోజుల్లో పాత ఊరు దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజుల కిలోమీటర్లూ సమయమూ మామూలు రోజులకు పనికిరావు. కాలేజీ హాస్టళ్లకు సెలవులిచ్చిన వారాలూ అంతే. ఈ లెక్కకు కాలేజీలు నడుస్తున్న మామూలు వారాలే తీసుకున్నాం.

సమయం రాసుకోవడం

బండి మీద ఉన్నవాడు పుస్తకం తీసి రాయలేడు. పనికొచ్చిన పద్ధతి చాలా తేలిక. వాట్సాప్‌లో తన నంబరుకు తానే సందేశం పంపుకోవాలి. ఆర్డర్ ఒప్పుకోగానే 0, హోటల్ చేరగానే 1, పొట్లం చేతికి రాగానే 2, కస్టమర్ గేటు దగ్గరకు చేరగానే 3, ఇచ్చేశాక 4. సమయం దానంతటదే పడుతుంది. ఇల్లు దాటినప్పుడు, చేరినప్పుడు "ఇల్లు" అని రాసి మీటరు ఫొటో ఒకటి. బండి ఆపాకే పంపాలి. ఒకటి మర్చిపోతే ఊహించి పూరించకూడదు, ఆ ఆర్డర్‌ను సగటులోంచి తీసేయాలి. నాలుగు వారాల్లో 384 ఆర్డర్లకు 340కి పైగా పూర్తి గుర్తులు దొరికాయి. సగటు తీయడానికి అవి ఎక్కువే.

రోజుకు 16 ఆర్డర్లు. ఒక్కో ఆర్డర్‌కు ఒప్పుకున్నప్పటి నుంచి ఇచ్చేదాకా సగటున 22.5 నిమిషాలు. అందులో బండి కదిలింది 14 నిమిషాలే. హోటల్ దగ్గర నిలబడింది ఆరున్నర నిమిషాలు, గేటు దగ్గర రెండు. రోజు మొత్తానికి చూస్తే హోటళ్ల ముందు 104 నిమిషాలు, గేట్ల ముందు 32 నిమిషాలు.

యాప్ ఈ 22.5 నిమిషాలను ఆర్డర్ సమయంగానే చూపుతుంది. 16 ఆర్డర్లకు రోజుకు ఆరు గంటలు, 24 రోజులకు 144 గంటలు. 19,200ని 144తో భాగిస్తే గంటకు 133 రూపాయలు. తెరమీద ఆకర్షణగా కనబడే అంకె ఇదే. లాగిన్‌లో ఉన్నది మాత్రం రోజుకు ఎనిమిదిన్నర గంటలు. ఆర్డర్ లేని ఆ రెండున్నర గంటల్లో సుమారు ఒక గంట డ్రాప్ నుంచి ఖాళీగా వెనక్కి రావడానికి, మిగిలిన 90 నిమిషాలు రోడ్డు పక్కన ఎదురుచూడటానికి పోయాయి. ఇంటికీ పని చోటికీ మధ్య రోజుకు నాలుగు తిరుగుళ్లు, వాటికి ఇంకో గంట.

ఎదురుచూపును పని సమయంగా లెక్కించాలా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. దీనికి ఒక కొలత ఉంది. ఆ సమయంలో మనిషి తన సొంత పని చేసుకోగలడా? నాలుగు నుంచి ఆరున్నర దాకా యాప్ ఆపి ఇంట్లో ఉన్న సమయం అతనిది. దాన్ని ఈ లెక్కలో కలపలేదు. గాంధీనగర్‌లో బ్యాగు తగిలించుకుని, ఫోను మోగిన కొన్ని సెకన్లలో ఒప్పుకోవాల్సిన స్థితిలో కూర్చున్న సమయం అతనిది కాదు. దాన్ని పూర్తిగా కలిపాం. ఇంటి నుంచి వెళ్లే సమయం విషయంలో కొందరు ఒప్పుకోరు. ఫ్యాక్టరీ కూలీకి రాకపోకల సమయం లెక్కించరు కదా అంటారు. కానీ ఈ రైడర్ తన బండి, తన పెట్రోలుతో వస్తున్నాడు, ఆ కిలోమీటర్ల ఖర్చు లెక్కలోకి వస్తోంది. ఖర్చును కలిపి సమయాన్ని వదిలేస్తే లెక్క ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇల్లు దాటి ఇల్లు చేరేదాకా రోజుకు తొమ్మిదిన్నర గంటలు, 24 రోజులకు 228. దీనికి నాలుగు వారాల్లో ఇంకో 6 గంటలు కలిశాయి. షెడ్డులో సర్వీసు, పంక్చర్లు, వసూలు చేసిన నగదు జమ చేయడం, కోత పడిన డబ్బుల గురించి యాప్ సహాయ విభాగంతో చాట్లు. మొత్తం 234 గంటలు. కింద ఉండాల్సిన అంకె ఇది.

కిలోమీటర్లు: యాప్‌వి, మీటరువి

యాప్ ఒక్కో ఆర్డర్‌కు సగటున 4 కిలోమీటర్లు చూపింది. అంటే ఆర్డర్ ఒప్పుకున్న చోటు నుంచి హోటల్, అక్కడి నుంచి కస్టమర్ ఇల్లు. 384 ఆర్డర్లకు 1,536 కిలోమీటర్లు. బండి మీటరు మాత్రం 2,400 తిరిగింది, రోజుకు నూరు. ఆ నూటిలో 36 కిలోమీటర్లకు పైసా లేదు. ఇంటి రాకపోకలు 16, డ్రాప్ నుంచి ఖాళీగా వెనక్కి వచ్చినవి 20.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత బండ్లలో మీటరు కేబులు తెగి నెలల తరబడి మీటరు తిరగదు. అప్పుడు చాలామంది యాప్ కిలోమీటర్లనే పట్టుకుంటారు. ఈ కేసులో అలా చేసి ఉంటే మూడో వంతుకు మించి తిరుగుడు కనబడకుండా పోయేది. కేబులు మార్చాకే కొలత మొదలుపెట్టాలి.

పెట్రోలు లెక్క ట్యాంకు నుంచి ట్యాంకుకు తీయాలి. మొదటి రోజు సెంటర్ స్టాండు వేసి బంకు నాజిల్ దానంతటదే ఆగేదాకా నింపించాలి. మీటరు రాసుకోవాలి. చివరి రోజు అదే బంకులో, అదే పద్ధతిలో నింపించాలి. మధ్యలో పోయించిన ప్రతిదానికీ లీటర్లు రాయాలి, రూపాయలు కాదు. "రోజూ నూట యాభై పోయిస్తా, ఒక్కోసారి రెండొందలు" అనే లెక్కతో మైలేజీ ఎప్పటికీ తేలదు. ఈ బండికి 2,400 కిలోమీటర్లకు 50 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 48. అరవై ఇస్తుందని నమ్మిన బండి అది. అంబపువ దాటి హైవే మీద ఇస్తుందేమో కానీ, పెద్ద బజారు సందుల్లో రెండో గేరులో పాకుతూ, హోటల్ ముందు ఇంజిన్ ఆపకుండా నిలబడితే ఇవ్వదు.

లీటరు 102 రూపాయల చొప్పున 5,100. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి బరంపురంలో పని చేసే రైడర్లు ఒకటి గమనించాలి. ఆంధ్రాలో లీటరు ధర ఒడిశా కంటే ఎక్కువ. ఏ పక్క నింపితే ఆ పక్క రేటుతోనే రాయాలి. సగటు రేటు ఊహిస్తే లెక్క పాడవుతుంది.

బండి అరుగుదల

షెడ్డు ఖర్చు లెక్కించేటప్పుడు అందరూ చేసే తప్పు "ఈ నెల షెడ్డుకు ఎంత ఇచ్చాం" అని అడగడం. ఈ నాలుగు వారాల్లో అతను ఇచ్చింది ఒక ఆయిల్ మార్పిడికి 450, పంక్చర్లకు కొంత. అంతే. కానీ ఆ 2,400 కిలోమీటర్లలో టైరు అరిగింది, చైను సాగింది, క్లచ్ ప్లేట్లు పలచబడ్డాయి. బిల్లు ఇంకో నెలలో వస్తుంది. అందుకే ప్రతి సామాను ధరను అది బతికే కిలోమీటర్లతో భాగించి, కిలోమీటరుకు ఎన్ని పైసలో తీయాలి.

ఇంజిన్ ఆయిల్ 3,000 కిలోమీటర్లకోసారి, కూలితో 450. అంటే కిలోమీటరుకు 15 పైసలు. వెనక టైరు 2,000 పెట్టి వేయిస్తే 20,000 నడిచింది, 10 పైసలు. ముందు టైరు 1,500కు 30,000, 5 పైసలు. చైన్ స్ప్రాకెట్ సెట్టు 1,500కు 20,000, ఏడున్నర పైసలు. ఇక్కడ సముద్రపు గాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. వానలో తిరిగిన రాత్రి చైను తుడిచి నూనె వేయకపోతే ఆ 20,000 కూడా రావు. రెండు చక్రాల బ్రేక్ షూలు 500కు 12,500, 4 పైసలు. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గుతో సహా పెద్ద సర్వీసు 6,000కోసారి 600, 10 పైసలు. పంక్చర్లు సగటున 4 పైసలు. క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, చక్రాల బేరింగులు, హ్యాండిల్ కింద కోన్ సెట్టు, బ్యాటరీ, బల్బులు అన్నీ కలిపి 40,000 కిలోమీటర్లకు 5,000 అనుకున్నాం, పన్నెండున్నర పైసలు. మొత్తం 68 పైసలు. 2,400 కిలోమీటర్లకు 1,632 రూపాయలు.

ఈ ధరలు అతని షెడ్డు బిల్లుల ప్రకారం వేసినవి. మీ బండికి మీ షెడ్డువే వేయాలి. పాత బిల్లులు లేకపోతే మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "డెలివరీ బండ్లకి ఇది ఎన్ని వేల కిలోమీటర్లకి మారుస్తున్నారు?" ఇంట్లో వాడే బండి లెక్క అడగకూడదు. రోజంతా బ్రేకులు నొక్కే బండి షూలు అంతకాలం బతకవు.

ఇక బండి ధర తరుగు. రోడ్డు మీదకు వచ్చేసరికి 85,000 పడింది. 90,000 కిలోమీటర్లు తిరిగాక 22,000కు పోతుందని షెడ్డు, పాత బండ్ల బేరగాళ్ల మాట మీద వేశాం. పోయేది 63,000, కిలోమీటరుకు 70 పైసలు. నాలుగు వారాలకు 1,680.

ఈ 70 పైసలు చెప్పినప్పుడు ప్రతి రైడరూ ఎదురు అడిగేది ఒకటే: నెలనెలా ఈఎంఐ కడుతున్నాం కదా, మళ్లీ తరుగు ఏమిటి? ఆ ప్రశ్న న్యాయమైనదే. ఈఎంఐలో రెండు భాగాలు ఉంటాయి. అసలు అంటే బండి ధరే. దాన్ని తరుగు రూపంలో ఇప్పటికే లెక్కించాం. ఖర్చుగా మిగిలేది వడ్డీ మాత్రమే. ఇతని అప్పు 65,000, నెలకు 2,770 చొప్పున 30 వాయిదాలు. కట్టేది 83,100. వడ్డీ 18,100, నెలకు 603, నాలుగు వారాలకు 557. ఈఎంఐ మొత్తం తీసి, పైన తరుగు కూడా తీస్తే ఒకే ఖర్చును రెండుసార్లు తీసినట్టు. ఈఎంఐ ఒక్కటే తీసి తరుగు వదిలేస్తే వాయిదాలు అయిపోయిన నెల నుంచి ఆదాయం పెరిగినట్టు కనిపించి, బండి మార్చే రోజున చేతిలో ఏమీ ఉండదు.

సెకండ్ హ్యాండ్ బండి అయితే తరుగు తగ్గుతుంది, షెడ్డు పైసలు పెరుగుతాయి. రెండూ కలిపి చూడాలి, ఒక్కటే చూస్తే మోసపోతాం.

తిరిగినా తిరగకపోయినా పడేవి

75 నుంచి 150 సీసీ బండ్లకు థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 714, జీఎస్టీతో 843. పొల్యూషన్ సర్టిఫికెట్లకు ఏడాదికి 200. రెండూ కలిపి నాలుగు వారాలకు 80. ఫోను, రీచార్జి ఇంటికీ వాడతాడు కాబట్టి సగమే వేశాం: రీచార్జిలో 175, రెండేళ్లు నడిచే 12,000 ఫోనులో 230. రెయిన్ కోటు, బ్యాగు, టీ షర్టులు, ఫోను హోల్డరు కలిపి 200. వడ్డీ 557తో మొత్తం 1,242. టీ ఖర్చు కలపలేదు.

రాబడి వైపు కూడా రెండు విషయాలు సరిచూసుకోవాలి. యాప్ కోసే టీడీఎస్ ఖర్చు కాదు. రిటర్ను దాఖలు చేస్తే పన్ను పడనివాళ్లకు వెనక్కి వస్తుంది. అందుకే 19,200 అనేది ఆ కోతకు ముందు అంకె. రెండోది, కస్టమర్ ఇచ్చిన నగదు. ఆ డబ్బు జేబులో ఉంటుంది, అందులోంచే పెట్రోలు పోయిస్తాం, తర్వాత యాప్ దాన్ని పేఔట్‌లో తగ్గిస్తుంది. బ్యాంకులో పడిన సొమ్మును రాబడి అనుకుంటే తక్కువ వస్తుంది, జేబులోది కూడా కలిపితే ఎక్కువ వస్తుంది. పేఔట్ షీటులో ఆర్డర్ పే, ఇన్సెంటివ్, టిప్పు అన్న మూడు వరసలే తీసుకోవాలి. ఇతనికి ఆర్డర్ పే 14,208, ఇన్సెంటివ్ 4,600, టిప్పులు 392.

| నాలుగు వారాలకు | రూపాయలు |
|---|---|
| రాబడి | 19,200 |
| పెట్రోలు | 5,100 |
| షెడ్డు, సామాన్లు | 1,632 |
| బండి తరుగు | 1,680 |
| స్థిర ఖర్చులు, వడ్డీ | 1,242 |
| మిగిలింది | 9,546 |

9,546ని 234తో భాగిస్తే గంటకు 40 రూపాయల 80 పైసలు. షీటులో పెట్టుకోవాలనుకునేవాళ్లకు సూత్రం ఇది. B1 రాబడి, B2 మీటరు కిలోమీటర్లు, B3 కిలోమీటరు ఖర్చు, B4 స్థిర ఖర్చులు, B5 మొత్తం గంటలు:

```
=(B1-B2*B3-B4)/B5
```

ఇతని B3 3.505, అంటే దాదాపు మూడున్నర రూపాయలు. పెట్రోలు 2.125, షెడ్డు 0.68, తరుగు 0.70.

2024లో ఒడిశా ప్రభుత్వం నైపుణ్యం అక్కర్లేని పనికి కనీస కూలి రోజుకు 450గా పెంచింది. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 56 రూపాయలు. ఆ కూలి ఈ రైడర్‌కు వర్తించదు, అతన్ని ఉద్యోగిగా చూడరు కాబట్టి. సొంత బండి పెట్టి, రోడ్డు ప్రమాదం నెత్తిన పెట్టుకుని తిరిగే పనికి గంటకు 41 అంటే, ఆ తేడా బాధ పెట్టేదే. 69 అని నమ్మి ఇంకో గంట ఎక్కువ తిరుగుదాం అనుకునేవాడికి ఈ తేడా ముందే తెలియాలి.

ఏ అంకె తప్పితే ఎంత మారుతుంది

మైలేజీ 48 కాక 52 అయితే గంటకు రూపాయి 70 పైసలు పెరుగుతుంది. తరుగు 70 పైసలు కాక 50 అనుకుంటే రెండు రూపాయలు. కానీ గంటలు 234 బదులు లాగిన్ గంటలు 204 వేస్తే ఒక్కసారిగా 46 రూపాయల 80 పైసలకు ఎక్కుతుంది. అంటే టైరు 20,000 నడుస్తుందా 22,000 నడుస్తుందా అని తల పగలగొట్టుకోవడం కంటే, ఇల్లు దాటిన సమయం, చేరిన సమయం సరిగ్గా రాసుకోవడం మేలు.

మూడున్నరతో రోడ్డు మీద నిర్ణయాలు

స్థిర ఖర్చులు ఎలాగూ పడతాయి కాబట్టి ఒక ఆర్డర్ తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయానికి కిలోమీటరుకు మూడున్నర ఒక్కటి చాలు. రైడర్లు తొందరగా ఒప్పుకునేవి దూరపు ఆర్డర్లు, ఒకేసారి పెద్ద అంకె కనబడుతుంది కాబట్టి. యూనివర్సిటీ ఉన్న భంజ విహార్ వైపు ఒక ఆర్డర్, 10 కిలోమీటర్లు, 90 రూపాయలు. హోటల్ దాకా 2, వెళ్లడం 10, అక్కడి నుంచి ఆర్డర్ దొరకదు కాబట్టి ఖాళీగా రావడం 10. మొత్తం 22 కిలోమీటర్లకు 77 రూపాయలు పోయి 13 మిగిలాయి. పట్టిన సమయం గంటంబావు. అదే ఊళ్లో 28 రూపాయల చిన్న ఆర్డర్‌కు రానుపోను నాలుగున్నర కిలోమీటర్లు, ఖర్చు 16, మిగిలేది 12, ఎదురుచూపుతో కలిపి అరగంట. గంటకు చూస్తే దూరపుది 10, చిన్నది 24.

ఇంటి భోజనం విషయంలో లెక్క మరోలా తేలింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి రావడం 8 కిలోమీటర్లు, 28 రూపాయలు. బయట తింటే అంతకు రెండింతలకు పైగా. రెండు గంటలు నడుం వాల్చే సమయం కూడా పోతుంది. కాబట్టి ఆ 8 కిలోమీటర్ల జోలికి వెళ్లలేదు.

తగ్గించగలిగింది డ్రాప్ తర్వాత ఖాళీగా వెనక్కి వచ్చే 20 కిలోమీటర్లు. ప్రతిసారీ గాంధీనగర్‌కే తిరిగి రావడం అతని అలవాటు. గుర్తులు చూస్తే సాయంత్రం ఏడు తర్వాత మెడికల్ కాలేజీ దగ్గరా, కొత్త బస్టాండు దగ్గరా నిలబడ్డా పది నిమిషాల్లోపు ఆర్డర్ పడింది. మూడింటిలో దగ్గర ఉన్న చోట ఆగడం మొదలుపెట్టాక 20 కాస్తా 12కు దిగింది. మధ్యాహ్నం మూడు దాటాక మాత్రం ఇది పనిచేయలేదు. అప్పుడు ఆర్డర్లు గాంధీనగర్ హోటళ్ల నుంచే వస్తాయి. 24 రోజులకు 192 కిలోమీటర్లు, 673 రూపాయలు మిగిలాయి.

రెండో మార్పు రాత్రి పది నుంచి పదకొండుంబావు దాకా ఉన్న చివరి స్లాట్. ఆ గంటంబావులో సగటున ఒకటిన్నర ఆర్డర్లు. నాలుగు వారాలకు 30 గంటలు, 36 ఆర్డర్లు, 1,332 రూపాయలు, 225 కిలోమీటర్లు. ఖర్చు తీస్తే గంటకు 18 మిగులుతోంది. కోసేయడమే తేలిక అనిపిస్తుంది. కానీ ఇతని ఇన్సెంటివ్ వారానికి 90 ఆర్డర్లు పూర్తయితే 1,150, సోమవారం నుంచి ఆదివారం దాకా. ఆరు రోజులూ ఆ స్లాట్ వదిలేస్తే 96 కాస్తా 87 అవుతుంది, ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. మూడు రాత్రులే వదిలితే 91 దగ్గర నిలుస్తుంది. పోయేది నాలుగు వారాలకు 272 రూపాయలు, మిగిలేది 15 గంటలు. రెండు మార్పులూ కలిపితే మిగులు 9,947, గంటలు 219, గంటకు 45 రూపాయల 40 పైసలు రావాలి.

తర్వాతి నాలుగు వారాల్లో వచ్చింది 40. మూడో వారం గురువారం కురిసిన వానకు ఊళ్లో నీళ్లు నిలిచాయి, ఆ రోజు ఆర్డర్లు 13కి ఆగాయి. సోమ, బుధవారాల్లో రాత్రి స్లాట్ ముందే వదిలేశాడు, శనివారం కూడా అలవాటుగా ఇంటికి వెళ్లిపోయాడు. వారం 89 దగ్గర ముగిసింది. ఒక్క ఆర్డర్ తక్కువై 1,150 పోయింది. నాలుగు వారాల్లో సంపాదించిన లాభమంతా దానితోనే తుడిచిపెట్టుకుపోయింది. 91 అనేది సగటు. ఏ వారమూ సగటు మీద నడవదు.

అప్పటి నుంచి పెట్టుకున్న నియమం ఇది. సోమ, బుధవారాల రాత్రులు వదలొచ్చు. శుక్రవారం రాత్రి పడుకునే ముందు లెక్క చూడాలి. 60 దాటితేనే వారంలో మూడో రాత్రి వదలాలి. 58, 60 మధ్య ఉంటే శని, ఆదివారాలు పూర్తిగా నడపాలి. 58 కంటే తక్కువైతే మంగళవారం సెలవు ఇప్పటికే తీసుకున్న వారం కాబట్టి, శనివారం మధ్యాహ్నం ఇంటికి ఒక గంట ఆలస్యంగా వెళ్లాలి. అప్పటికీ 90 అందదని తేలితే, ఆదివారం రాత్రి చివరి స్లాట్ కోసం రోడ్డు మీద ఉండకూడదు. ఇన్సెంటివ్ లేని ఆ గంటంబావుకు మిగిలేది గంటకు 18 రూపాయలే.